సీజర్ మధ్యలో ఎందుకు మాట్లాడాడు?

ఈజిప్టు రాణి క్లియోపాత్రా వేరే పేరు పెట్టుకుని, పరిచారిక వేషంలో ఉంది. రోమ్ నుంచి వచ్చిన జూలియస్ సీజర్‌ని తనవైపు తిప్పుకోవాలి. అందుకోసం తోటలో పెద్ద ఏర్పాటే చేసింది. ఎక్కడినుంచో వాద్యాల ధ్వని వినిపిస్తుంది. సీజర్ ఆగి చెవి యొగ్గుతాడు. అంతలో ఎదురుగా కొండ తెరుచుకుంటుంది. లోపల తొమ్మిదిమంది కళాదేవతలు, వాళ్ల నడుమ సింహాసనం మీద క్లియోపాత్రా. ఆమె పాట అందుకుంటుంది. నీ కళ్లను ఆరాధిస్తున్నాను అనే అర్థం వచ్చే నెమ్మదైన పాట. మొదటి భాగం పూర్తవుతుంది, రెండో భాగమూ పూర్తవుతుంది. ఇప్పుడు మొదటి భాగం మళ్లీ రావాలి. హాల్లో ఉన్న ప్రతివాళ్లకీ ఆ సంగతి తెలుసు. అది రాదు. దాని బదులు, అప్పటిదాకా మైమరచి వింటున్న సీజర్ నోరు తెరుస్తాడు. స్వర్గంలో దేవేంద్రుడి దగ్గర కూడా ఇంత అందమైన గానం ఉండదని తనలో తాను అనుకున్నట్టు ఒక్క మాట అంటాడు. ఆ తర్వాతే క్లియోపాత్రా మొదటి భాగాన్ని మళ్లీ ఎత్తుకుంటుంది.

1724 ఫిబ్రవరి 20న లండన్ హేమార్కెట్‌లోని కింగ్స్ థియేటర్‌లో తొలిసారి ప్రదర్శించిన 'జూలియో చేజరే' ఒపెరాలో రెండో అంకం ఇలా మొదలవుతుంది. సంగీతం జార్జ్ ఫ్రిడెరిక్ హ్యాండెల్‌ది, ఇటాలియన్ రచన నికోలా హైమ్‌ది. ఈ కాలపు ప్రేక్షకుడికి సీజర్ మాట చిన్న ముచ్చటలా కనిపిస్తుంది. ఆనాటివాళ్లకు అలా కాదు. ఒపెరా సీరియా అనే ఆ నాటకరూపం మొత్తం నిలబడ్డ నియమాల్లో ఒకదాన్ని హ్యాండెల్ వాళ్ల కళ్లముందే ఒక్క క్షణం ఆపి చూపించాడు. ఆ క్షణం ఎందుకు అంత బలంగా తగులుతుందో తెలియాలంటే ముందు ఆ నియమాలు తెలియాలి.

ఒపెరా సీరియా అంటే గంభీర కథ ఉన్న ఇటాలియన్ సంగీత నాటకం. రాజులు, సేనానులు, బందీలైన రాకుమార్తెలు, కర్తవ్యానికీ ప్రేమకూ మధ్య నలిగే మనుషులు ఇందులో పాత్రలు. పద్దెనిమిదో శతాబ్దంలో ఎక్కువ భాగం నేపుల్స్ నుంచి లండన్ దాకా, వియన్నా నుంచి సెయింట్ పీటర్స్‌బర్గ్ దాకా రాజాస్థానాల్లోనూ పెద్ద నగరాల్లోనూ ఇదే ప్రతిష్ఠ గల నాటకం. దీని నడక రెండు రకాల పాటతో సాగుతుంది. మొదటిది రెసిటేటివ్. హార్ప్సికార్డ్ తోడుగా, మాట్లాడినట్టే వడివడిగా సాగే గానం ఇది. కుట్రలు, వార్తలు, వాదనలు, కథ ముందుకు పోయే ప్రతిదీ ఇందులోనే జరుగుతుంది. రెండోది ఆరియా, అంటే పూర్తిస్థాయి పాట. ఆరియా మొదలైతే గడియారం ఆగిపోతుంది. జరిగినదానికి పాత్ర లోపల ఏమవుతోందో అదొక్కటే వినిపిస్తుంది.

ఆ పాట దాదాపు ఎప్పుడూ డా కాపో పద్ధతిలోనే ఉండేది. ఆ ఇటాలియన్ మాటకు 'తల నుంచి' అని అర్థం. కవి రెండు చిన్న చరణాలు రాస్తాడు. మొదటి చరణం మీద పెద్ద భాగం కట్టి, రెండో చరణం మీద కొంచెం చిన్నదీ వేరే రంగు ఉన్నదీ అయిన భాగం కట్టి, దాని చివర స్వరకర్త 'డా కాపో' అని రాసేస్తాడు. గాయకుడు తలకు వెళ్లి మొదటి భాగాన్ని మళ్లీ పాడాలి. చరణం ముగిశాక పల్లవికి తిరిగి రావడం అలవాటైన మన చెవికి ఇది కొత్తేమీ కాదు. అయితే ఇక్కడ తిరిగి వచ్చేది ఒక పంక్తి కాదు, మొదటి భాగం మొత్తం. వచ్చినప్పుడు అది మునుపటిలా ఉండకూడదు కూడా. గాయకుడు సంగతులు వేయాలి, స్వరాలను విరవాలి, చివర ఊపిరి నిలిపి సొంతంగా ఒక విస్తారం చేయాలి. ఇవేవీ రాత ప్రతిలో ఉండవు. స్వయంగా గాయకుడైన పియెర్ ఫ్రాంచెస్కో తోసి 1723లో ప్రచురించిన పుస్తకంలో, తిరిగి వచ్చిన భాగాన్ని మార్చి మెరుగుపరచలేనివాడు గొప్ప గాయకుడు కాడని తేల్చి చెప్పాడు.

ఇక్కడే నాటకానికి ఒక చిక్కు వస్తుంది. పాట తిరిగి మొదటికి వస్తే మనిషి మనసు కూడా మొదటికి వచ్చినట్టేనా? కోపంతో మొదలుపెట్టి, మధ్యలో ఇంకొక ఆలోచనకు పోయి, మళ్లీ అదే కోపానికి ఎందుకు వస్తాడు? ఆ శతాబ్దంలోనే విమర్శకులు ఈ ప్రశ్న వేశారు. చేతకాని రచయిత చేతిలో ఇది నిజంగానే పెద్ద లోపం. పాత్ర అక్కడే నిలబడిపోతుంది, గొంతు విన్యాసం ఒక్కటే మిగులుతుంది.

హ్యాండెల్ చేతిలో ఏమైందో మూడో అంకం చూపిస్తుంది. సోదరుడు టోలెమీ సైన్యం చేతిలో క్లియోపాత్రా ఓడిపోయింది. సీజర్ సముద్రంలో మునిగి చనిపోయాడని ఆమె నమ్ముతోంది. కాపలా నడుమ ఒంటరిగా కూర్చుని, బతికున్నంత కాలం నా రాతకు నేను ఏడుస్తూనే ఉంటానని పాడుతుంది. నెమ్మదైన నడక, మెట్టు మెట్టుగా కిందికి దిగే మంద్ర వాద్యాలు. రెండో భాగంలో హఠాత్తుగా వేగం పెరుగుతుంది. చచ్చాక దయ్యాన్నై ఆ నియంతను రాత్రీ పగలూ వేధిస్తానంటుంది. వాద్యాలు ఉరకలు వేస్తాయి. ఆమె లేచి నిలబడి పోరాడుతుందేమో అనిపిస్తుంది. ఆ తర్వాత డా కాపో. మళ్లీ అదే నెమ్మదైన దుఃఖం.

ఈ పాటలో ఆ తిరిగిరావడమే అసలు నాటకం. పగ తీర్చుకుంటానన్నది చచ్చాక మాట. బతికున్న ఈ క్షణంలో ఆమె చేతిలో ఉన్నది ఏడుపు ఒక్కటే. కోపం ఎగసి, దారి దొరకక, ఉన్నచోటికే కూలిపోవడాన్ని చెప్పడానికి మాటలు అక్కర్లేకపోయింది, పాట ఆకృతే చెప్పింది. మొదటిసారి విన్నప్పుడు అది దుఃఖం. రెండోసారి అదే స్వరాలు వినిపించినప్పుడు, ఆ దుఃఖం నుంచి బయటపడే ప్రయత్నం విఫలమైందని మనకు తెలుసు. మంచి గాయని ఇక్కడ వేసే సంగతులు కూడా మెరుపు కోసం కాక, గొంతు జీరపోవడంలా, మాట తడబడడంలా వస్తాయి. ఆ తిరుగు భాగంలో గాయని మొదటిసారికన్నా ఎక్కువ ఆడంబరంగా పాడితే పాట చచ్చిపోతుంది. ప్రదర్శన బాగుందో లేదో తేల్చుకోవడానికి వినాల్సిన చోటు అదే.

రెండో నియమం నిష్క్రమణది. ఆరియా పూర్తవగానే పాడినవాళ్లు రంగం వదిలి వెళ్లిపోవాలి. హాలు చప్పట్లతో మోగుతుంది. పాడినవాళ్లు అక్కడే ఉండి మరుక్షణం మరొకరి మాటకు జవాబు చెబితే ఆ పాట కూడగట్టిన వేడి చల్లారిపోతుందని ఆనాటి లెక్క. పద్యనాటకంలో రాగం ముగియగానే వన్స్‌మోర్ కేకలు విన్నవాళ్లకు ఆ హాలు వాతావరణం ఊహకు అందుతుంది. ప్రదర్శన నడుస్తున్నంతసేపూ హాల్లో కొవ్వొత్తులు వెలుగుతూనే ఉండేవి. లండన్‌లోనైతే ఒక పేజీలో ఇటాలియన్, ఎదుటి పేజీలో ఇంగ్లిష్ ఉన్న నాటక పుస్తకం చేతిలో పెట్టుకుని చాలామంది చదువుకుంటూ చూసేవారు.

ఈ ఒక్క నియమం కథల అల్లికనే మార్చేసింది. పాడినవాడు వెళ్లిపోవాలంటే, నిండిన మనసుతో బయటికి నడవడానికి అతనికి కారణం ఉండాలి. అందుకే ఈ నాటకాల్లో మనుషులు ఎప్పుడూ పంపించబడుతుంటారు, వెలివేయబడుతుంటారు, యుద్ధానికి బయల్దేరుతుంటారు, కోపంతో విసవిసా నడిచిపోతుంటారు. నలుగురు ఉన్న రంగం ముగ్గురిది అవుతుంది, ఇద్దరిది అవుతుంది, చివరికి ఒంటరి మనిషి ఒకరు మిగిలి పాడి వెళ్లిపోతే తెర మారుతుంది. పదిమంది ఒకేసారి గొంతు కలిపి వాదులాడుకునే దృశ్యానికి ఇందులో చోటు తక్కువ. సమూహం నుంచి ఒక్కొక్కరినీ విడదీసి వాళ్ల లోపలికి తొంగి చూడడం ఈ రూపానికి తెలిసిన పని.

పాటల పంపకానికీ లెక్క ఉండేది. తర్వాత ఇటాలియన్ హాస్యనాటకానికి పెద్ద పేరైన కార్లో గోల్డోని, 1730ల మొదట్లో యువకుడిగా మిలాన్ వెళ్లి తన మొదటి గంభీర ఒపెరా రచన 'అమలసుంత'ను గాయకుల నడుమ చదివాడు. వాళ్లు ఎగతాళి చేశారు. ఒపెరా వ్యవహారాలు చూసే కౌంట్ ప్రాతా అతన్ని పక్కకు తీసుకెళ్లి విషయం వివరించాడని గోల్డోని తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. ముగ్గురు ప్రధాన గాయకులకు తలా ఐదు ఆరియాలు ఇవ్వాలి, మొదటి అంకంలో రెండు, రెండో అంకంలో రెండు, మూడో అంకంలో ఒకటి. రెండో శ్రేణివాళ్లకు మూడు. మిగతావాళ్లు ఒకటో రెండో ఇస్తే తృప్తిపడాలి. కరుణ రసపు పాటలు రెండు వెంటవెంటనే రాకూడదు. చిన్న పాత్రలకు పెద్ద ఆవేశం ఉండకూడదు. ఇదంతా విన్న గోల్డోని బసకు వెళ్లి, రాతప్రతిని పొయ్యిలో వేసి కాల్చేశాడు.

ఆ లెక్క విని నవ్వడం తేలిక. కానీ ప్రేక్షకుల మనసులో అది ఏం చేసిందో చూడాలి. ఎవరి మనసు ఎంత లోతుగా తెలుసుకోబోతున్నామో పాటల సంఖ్యే చెప్పేస్తుంది. 'జూలియో చేజరే'లో సీజర్‌కు ఎనిమిది ఆరియాలు, క్లియోపాత్రాకు ఎనిమిది. సీజర్ అనుచరుడు క్యూరియోకు ఒక్కటీ లేదు. పదవుల మెట్లు, గాయకుల స్థాయి మెట్లు, భావాల మెట్లు ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చున్నాయి. పైగా క్లియోపాత్రాకు వచ్చిన ఎనిమిదీ ఎనిమిది రకాలు. మొదట చిలిపితనం, తర్వాత వల విసిరే తియ్యదనం, నిజమైన ప్రేమ, ప్రార్థన, కుమిలిపోవడం, చివరికి ఒడ్డు చేరిన ఓడలాంటి సంబరం. ఒక్కో పాటలో ఒక్కో భావమే ఉన్నా అన్నీ వరసగా విన్నాక ఒక నిండు మనిషి మన ముందు నిలబడుతుంది. ఈ రూపంలో పాత్ర ఎదుగుదల పాటకూ పాటకూ మధ్య జరుగుతుంది.

ఇక సీజర్‌గా పాడింది ఎవరు? సియెనా నుంచి వచ్చిన ఫ్రాంచెస్కో బెర్నార్ది. ఊరి పేరు మీద అతన్ని సెనెసీనో అనేవారు. అతను కాస్ట్రాటో. యవ్వనం రాకముందే వృషణాలు తొలగించిన పురుష గాయకుల్ని అలా పిలిచేవారు.

ఆ శస్త్రచికిత్స తర్వాత స్వరపేటిక పెరగదు, గొంతు పగలదు. స్వరతంత్రులు పిల్లవాడివంత పొట్టిగానే ఉంటాయి. ఛాతీ మాత్రం పెద్దవాడిదవుతుంది, ఎముకల చివర్లు ఆలస్యంగా మూసుకోవడం వల్ల చాలామంది కాళ్లూ చేతులూ మామూలుకన్నా పొడుగ్గా సాగేవి. నేపుల్స్‌లోని నాలుగు సంగీత పాఠశాలల్లో ఏళ్ల తరబడి రోజూ గంటల కొద్దీ సాధన చేసిన ఆ ఛాతీ, ఆ చిన్న తంత్రులు కలిస్తే స్త్రీ ఎత్తులో, పురుషుడి బలంతో, నమ్మలేనంత పొడవైన ఊపిరితో స్వరం వచ్చేది. చర్చిలో స్త్రీలు పాడకూడదన్న నిషేధం వల్ల ముందు ఈ గొంతులకు అక్కడ గిరాకీ ఏర్పడింది, ఆ తర్వాతే రంగస్థలం వాళ్లను అందుకుంది.

ఆ పని చట్టరీత్యా నేరం, చర్చి దృష్టిలో వెలివేయదగ్గ పాపం. అయినా జరుగుతూనే ఉండేది. 1770లో ఇటలీ తిరిగిన ఆంగ్ల సంగీత చరిత్రకారుడు చార్ల్స్ బర్నీ, ఇది ఎక్కడ చేస్తారని ఊరూరా అడిగితే ప్రతి ఊరివాళ్లూ ఇక్కడ కాదు, పక్క ఊళ్లో అని చెప్పారు. ఎక్కువమంది పేద ఇళ్ల పిల్లలు. పిల్లవాడికి గుర్రం మీద నుంచి పడి దెబ్బ తగిలిందనో, జంతువు కరిచిందనో కథలు చెప్పేవారు. సెనెసీనో, ఫారినెల్లి లాంటి పేర్లు చరిత్రలో నిలిచాయి. గొంతు బాగా కుదరక ఏదో ఊరి చర్చి బృందంలో జీవితం వెళ్లదీసినవాళ్లు వాళ్లకన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. ఈ సంగీతపు అందం గురించి మాట్లాడేవాళ్లు ఆ పిల్లల సంగతి పక్కన పెట్టే వీల్లేదు, ఆ అందానికి వెల కట్టింది వాళ్ల శరీరాలే.

రోమన్ సేనానికి స్త్రీ ఎత్తు గొంతా అని ఇప్పటి ప్రేక్షకుడు ఆశ్చర్యపోతాడు. ఆనాటి చెవికి హెచ్చు స్వరం ఆడతనానికి గుర్తు కాదు. యవ్వనానికీ, ఉన్నతికీ, మామూలు మనిషిని మించినదానికీ గుర్తు. లావు మంద్రస్వరం ముసలి తండ్రులకూ మొరటు సేనానులకూ వెళ్లేది. ఈ ఒపెరాలోనూ టోలెమీ సేనాని అకిల్లా ఒక్కడే మంద్రగాయకుడి పెద్ద పాత్ర. తండ్రిని చంపినవాడి మీద పగబట్టిన కుర్రాడు సెస్తోగా పాడింది మార్గెరీతా దురస్తాంతి అనే స్త్రీ. అంతకు నాలుగేళ్ల ముందు, 1720లో, హ్యాండెల్ 'రాదమిస్తో'లో వీరుడైన నాయకుడు రాదమిస్తోగా పాడిందీ ఆమే. అదే ఏడాది చివర సెనెసీనో లండన్ చేరాక ఆ వీరుడి పాత్ర అతనికి వెళ్లింది, ఆమె నాయకుడి భార్య పాత్రకు మారింది. ఎవరికీ అది వింతగా తోచలేదు. రోమ్‌లో స్త్రీలు రంగస్థలం ఎక్కకూడదు కాబట్టి అక్కడ రాకుమార్తెల్ని కూడా యువ కాస్ట్రాటోలే అభినయించేవారు. పాత్ర ఆడా మగా అన్నదానికన్నా ఆ పాత్ర మెట్టు ఎంత ఎత్తుది అన్నది ముఖ్యం.

దీనివల్ల నాటకంలో ఒక అరుదైన సమానత్వం వచ్చింది. నాయకుడూ నాయికా దాదాపు ఒకే ఎత్తులో పాడతారు. చివరి యుగళంలో సీజర్, క్లియోపాత్రాల స్వరాలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ అల్లుకుపోతాయి. ఒకరు పైన ఒకరు కింద అన్న దూరం ఉండదు. అలాగే సీజర్, అతని శత్రువు టోలెమీ ఇద్దరూ కాస్ట్రాటోలే, ఇద్దరి స్వరస్థాయీ దగ్గరదగ్గరదే. వాళ్లను వేరు చేయాల్సింది గొంతు లావు కాదు, పాట తీరు. టోలెమీ పాటలు కుదుపులతో, పెద్ద దూకుళ్లతో ఉంటాయి. సీజర్ తన అనుమానాన్ని దాచుకుని, వేటగాడు చప్పుడు చేయకుండా పొంచి నడుస్తాడని పాడే పాటలో ఒక కొమ్ము వాద్యం అతని వెంటే అడుగులు వేస్తుంది.

1922లో జర్మనీలోని గోటింగెన్‌లో ఈ ఒపెరాను రెండు శతాబ్దాల తర్వాత మళ్లీ రంగం ఎక్కించినప్పుడు సీజర్ పాత్రను బారిటోన్‌కు ఇచ్చారు. మగవాడు మగవాడిలా వినిపించాలనుకున్నారు. ఆ పద్ధతి చాలాకాలం నడిచింది. స్వరాలు ఒక స్థాయి కిందికి దిగేసరికి అల్లిక చెదిరింది, వాద్యాల పైన తేలాల్సిన గొంతు వాటి కింద చేరింది, త్వరితమైన గమకాలు బరువెక్కాయి. ఇప్పుడు ఎక్కువగా కౌంటర్‌టెనార్లో, మెజ్జో గాయనులో పాడుతున్నారు. కాస్ట్రాటో బలం వాళ్లకూ రాదు, కానీ స్వరం ఉండాల్సిన చోటికి తిరిగి వచ్చింది.

హ్యాండెల్ నియమాల్ని వదిలించుకోలేదు. అవి ప్రేక్షకులకు కంఠతా వచ్చు కాబట్టే వాటిని ఆలస్యం చేసి, వంచి, మాట్లాడించాడు. మూడో అంకంలో సముద్రం నుంచి ఈది ఒడ్డు చేరిన సీజర్, నా ప్రియురాలు ఎక్కడుందో చెప్పమని పిల్లగాలుల్ని వేడుకుంటూ పాడతాడు. తిరుగు భాగం రావాల్సినచోట అతని కళ్లు చుట్టూ పడి ఉన్న శవాల్ని, ఆయుధాల్ని చూస్తాయి. పాట విరిగి మాటల్లోకి జారుతుంది. మళ్లీ గాలుల వేడుకోలు వచ్చేసరికి అది వేరే అర్థంతో వస్తుంది. పాట ముగిశాక అతను వెళ్లిపోడు కూడా. పక్కకు తప్పుకుని, చావుబతుకుల్లో ఉన్న అకిల్లా మాటలు వింటాడు. ఒకే దృశ్యంలో రెండు నియమాలూ పక్కకు జరిగాయి. దిక్కులేక ఒడ్డున పడ్డ మనిషికి తీరుగా పాడి, తీరుగా వెళ్లిపోయే హక్కు లేదు మరి.

తర్వాతి తరం ఈ నియమాలకే ఎదురుతిరిగింది. 1762లో వియన్నాలో గ్లూక్ 'ఓర్ఫెయో ఎద్ ఎవ్రిదీచే'లో డా కాపో ఆరియాల గొలుసును తీసేసి, బృందగానాన్ని నాటకం మధ్యలోకి తెచ్చాడు. గాయకుల ఆర్భాటాన్ని తీసేయడమే తన ఉద్దేశమని 'అల్చెస్తె' ముందుమాటలో చెప్పాడు. అయినా ఓర్ఫెయోగా పాడింది కాస్ట్రాటో గాయెతానో గ్వదాన్యీ. ప్రసిద్ధ నటుడు గారిక్ దగ్గర నటన నేర్చుకున్నవాడు. పాట మధ్య చప్పట్లకు తల వంచడం పాత్రను చెడగొట్టడమేనని నమ్మినవాడు.

నిష్క్రమణ నియమం మాత్రం ఇంకా బతికే ఉంది. వియన్నా ఆస్థానకవి మెతాస్తాసియో 1734లో రాసిన 'లా క్లెమెన్జా ది తీతో'ను 1791లో ప్రాగ్‌లో మొజార్ట్ స్వరపరిచాడు. కతెరీనో మజ్జోలా దాన్ని రెండు అంకాలకు కుదించి, ఆరియాలు తగ్గించి, పలువురు కలిసి పాడే ఘట్టాలు చేర్చాడు. చక్రవర్తి తనను కాదన్నాడన్న కోపంతో వితెల్లియా, తనను ప్రేమించే సెస్తోను అతని హత్యకు పురికొల్పుతుంది. సెస్తోగా పాడినవాడు కాస్ట్రాటో దొమెనీకో బెదీనీ. వెళ్తున్నాను, ఒక్కసారి నన్ను చూడు అంటూ, క్లారినెట్ తోడుగా పెద్ద ఆరియా పాడతాడు. అది డా కాపో కాదు, నెమ్మదిగా మొదలై వేగం పుంజుకుంటూ పోతుంది, వెనక్కి రాదు. పాట అయిపోగానే, అన్ని ఆరియాల్లాగే, అతను వెళ్లిపోతాడు. మరుక్షణం ఇద్దరు వచ్చి వితెల్లియాకు వార్త చెబుతారు. చక్రవర్తి తన పట్టమహిషిగా ఆమెనే ఎంచుకున్నాడట. ఆగు, సెస్తో, అని ఆమె కేకవేస్తుంది. వచ్చినవాళ్లు అది సంతోషంతో వచ్చిన తత్తరపాటు అనుకుంటారు. ముగ్గురి గొంతులూ కలిసి మోగుతాయి, రంగం మీద సెస్తో లేడు.